సేల్స్ లెక్కలో 98 శాతం, నా లెక్కలో 73: నవంబర్ ఫోర్‌కాస్ట్ రివ్యూలో ఎవరిది కరెక్ట్?

ప్లానర్_బెజవాడ
మాది నెయ్యి, గులాబ్‌జామ్ మిక్స్, పచ్చళ్లు అమ్మే కంపెనీ, ఈఆర్‌పీ ఎస్ఏపీ. ప్రతి నెలా 5వ తారీఖున సేల్స్ వాళ్లతో ఫోర్‌కాస్ట్ రివ్యూ, పేరుకే రివ్యూ, జరిగేది పంచాయితీ. నిన్న నవంబర్‌ది పెట్టాం. సేల్స్ హెడ్ ఒక్కటే లైన్ చూపించాడు, 200 ఎంఎల్ నెయ్యి పౌచ్ ఫోర్‌కాస్ట్ 2800 కేసులు, డిస్పాచ్ 2750, అంటే 98 శాతం అక్యురసీ, అందరూ చప్పట్లు. మరి వైజాగ్ డిపోలో సరుకు లేదని నెలంతా ఫోన్లు వచ్చింది ఎవరికి, నాకే కదా. బెజవాడ డిపోలో 300 కేసులు కుప్ప పడి ఉంటే అందులోంచి లారీ పెట్టి వైజాగ్‌కి పంపించా. డిపోల వారీగా ఇదీ సంగతి, మొదటిది ఫోర్‌కాస్ట్, రెండోది యాక్చువల్:

బెజవాడ 1200, 900
వైజాగ్ 700, 950
వరంగల్ 500, 600
కర్నూలు 400, 300

తేడాలు ప్లస్సు మైనస్సు చూడకుండా కలిపితే 750 కేసులు, 2750 మీద 27 శాతం తప్పు. అంటే 73 శాతమే. ఇది చెప్తే "నువ్వు కావాలనే మా తప్పులు వెతుకుతున్నావ్" అన్నారు. ఏ లెక్క కరెక్ట్? ఇంకోటి, ఇప్పుడు ఎస్ఏపీలో ఆటోమేటిక్ మోడల్, అదే J పెట్టి, ఫోర్‌కాస్ట్ లెక్కించే MP38 రన్ చేస్తున్నాం, మెథడ్ మారిస్తే ఏమన్నా బాగుపడుద్దా?

ఎక్సెల్_రాణి
నీదే కరెక్ట్. టోటల్ మీద తీస్తే ఒక డిపో ఎక్కువ ఇంకో డిపో తక్కువ కొట్టేసుకుంటయి. మేప్ వాడు, ప్రతి డిపోకి శాతం తీసి యావరేజ్ చెయ్యి, నీ నంబర్లకి 27.4 వస్తోంది, నేను ఇప్పుడే వేశా. అందరూ మేపే వాడతారు.

పాతకాపు
రాణి గారూ ఇక్కడ నాలుగు డిపోలూ కాస్త పెద్దవే కాబట్టి రెండు లెక్కలూ పక్కపక్కనే వచ్చాయి. అదే మేప్‌ని వాళ్ల పచ్చళ్ల మీద వెయ్యండి. ఒక డిపోలో ఉసిరికాయ పచ్చడి 30 కేసులు అనుకుని 10 అమ్మారనుకోండి, అది 200 శాతం తప్పు, ఇరవై కేసుల గొడవ మొత్తం యావరేజ్‌ని ముంచేస్తుంది. అసలు ఒక నెల సున్నా అమ్మితే భాగహారమే కుదరదు. ప్లానర్ చేసిందే మంచి పద్ధతి:

```
WAPE = Σ|A − F| / ΣA
```

A అంటే అమ్మింది, F అంటే ఫోర్‌కాస్ట్. పెద్ద సరుకుకి పెద్ద బరువు, చిన్నదానికి చిన్న బరువు.

కానీ ప్లానర్ తమ్ముడూ, సేల్స్ హెడ్‌ది పూర్తిగా తప్పని నేను అనను. ఆ పౌచ్‌కి ప్రింటెడ్ ఫిల్మ్ ఎన్ని రోజులకి వస్తుంది? ఫిల్మ్ నాలుగు డిపోలకీ ఒకటే కదా. ఫిల్మ్ కొనేవాడికి, పాల వెన్న కొనేవాడికి టోటల్ 2800 కరెక్టా కాదా అన్నదే కావాలి, డిపో గొడవ వాళ్లకి అనవసరం. డిపోకి లారీ పంపేవాడికి మాత్రం డిపో నంబరే కావాలి. ఆయన కొలిచింది పర్చేజ్‌కి పనికొచ్చే అక్యురసీ, నువ్వు కొలిచింది లారీకి పనికొచ్చేది. రెండూ పక్కపక్కన చూపించు, గొడవ సగం తగ్గుతుంది.

టాలీ_బాబాయ్
మాది గుంటూరులో హోల్‌సేల్, టాలీ. రీఆర్డర్ లెవెల్ పెట్టుకున్నాం, అంతకంటే తగ్గితే ఆర్డర్ పెట్టేస్తాం, ఈ ఫోర్‌కాస్ట్‌లు మీటింగులు ఏం లేవు, హాయిగా ఉన్నాం. వైజాగ్‌లో తగ్గినప్పుడు మీ సిస్టమ్ ఎందుకు చెప్పలేదు? లెవెల్ సరిగ్గా పెట్టుకోండి.

గోదారోడు
బాబాయ్ నీకు ఫోన్ కొడితే సాయంత్రానికి ఆటోలో సరుకొచ్చేద్ది, ఆయనేమో ఫ్యాక్టరీలో తయారుచేసుకోవాలండి. ఫిల్మ్ రావాలంటే నెలన్నర. నీ రీఆర్డర్ లెవెల్ వెనకాల ఎవడో ఒకడు ఫోర్‌కాస్ట్ వేసి తిట్లు తింటా ఉంటాడు, ఆ ఎవడో ఈ ప్లానర్ గారే 😀

ప్లానర్_బెజవాడ
ఫిల్మ్ కరెక్ట్‌గా 45 రోజులు. పాతకాపు గారు చెప్పిన కోణం నాకు తట్టలేదు, నిజమే, ఫిల్మ్ కొరత మాత్రం ఈసారి రాలేదు.

పాతకాపు
ఇంకొక్క ప్రశ్న. ఆ 1200, 700 అన్నవి ఏ రోజు నంబర్లు?

ప్లానర్_బెజవాడ
అక్టోబర్ 5 మీటింగ్ అయ్యాక పంపిన మెయిల్లోవి. మీరు అడిగారని ఇప్పుడు ఎస్ఏపీలో ప్లాన్ నంబర్లుండే MD61 లో చూస్తే బెజవాడ నవంబర్‌కి 950 ఉంది!! చేంజ్ హిస్టరీలో నవంబర్ 18న మార్చినట్టుంది.

గోదారోడు
పరీక్ష సగం అయ్యాక పుస్తకం చూసి రాసి, నాకు నూటికి తొంభై అయిదు వచ్చాయి అన్నట్టుంది

పాతకాపు
అదే భయపడ్డాను. వచ్చే నెల సిస్టమ్‌లోంచి తీస్తే బెజవాడ కూడా 95 శాతం చూపిస్తుంది. మీటింగ్ అయిన రోజే ఆ నెల నంబర్లని ఇంకో వెర్షన్‌లోకి కాపీ చేసి పెట్టు. 00 యాక్టివ్‌గా ఉంటుంది, ఏ సరుకు ఎంత కావాలో లెక్కేసే ఎంఆర్‌పీ రన్ దాన్నే చూస్తుంది, 01 లాంటిది ఒకటి ఇనాక్టివ్‌గా ఉంచితే ఎంఆర్‌పీ దాని జోలికి పోదు, నీ దగ్గర మాత్రం సాక్ష్యం ఉంటుంది. ఎక్సెల్‌లో దాచినా పర్లేదు, తారీఖు ముఖ్యం. ఫిల్మ్‌కి 45 రోజులు కాబట్టి టోటల్‌ని సెప్టెంబర్ మీటింగ్ నంబర్‌తో పోల్చాలి, డిపోలని అక్టోబర్ నంబర్‌తో పోల్చితే చాలు. నిర్ణయం తీసుకున్న రోజున చేతిలో ఏ నంబర్ ఉందో అదే లెక్క, తర్వాత మార్చింది కాదు.

సేల్స్_శంకర్
అందరూ సేల్స్ మీద పడ్డరు కదా, గిటు వైపు కూడా వినుండ్రి. నేను వరంగల్, కరీంనగర్ చూస్తా, వేరే కంపెనీ. ఫోర్‌కాస్ట్ షీట్ వచ్చినప్పుడు నేను 500 రాస్తే మా మేనేజర్ ఏమంటడో తెల్సా, "నీ టార్గెట్ 650 ఉంటే 500 ఎట్ల రాస్తవ్, పని చెయ్యవా?" అంటడు. గందుకే 650 రాస్త. ఇంకోటి, సరుకు షార్ట్ ఉన్నప్పుడు ప్లానింగోళ్లు అందరికీ ఫోర్‌కాస్ట్ లెక్కన పంచుతరు, తక్కువ రాసినోడికి తక్కువ వస్తది, అప్పుడు ఎవడు తక్కువ రాస్తడు చెప్పు అన్నా. మేం అబద్ధం చెప్తలేం, మీరు అడిగిన ప్రశ్నకే జవాబు చెప్తున్నం.

ఎక్సెల్_రాణి
మా దగ్గర ఉల్టా, ఫోర్‌కాస్ట్ దాటితే ఇన్సెంటివ్. అందరూ తక్కువ రాసి నెలాఖరుకి హీరోలైపోతారు. వైజాగ్ 700 చూస్తే నాకు అదే వాసన కొడుతోంది.

పాతకాపు
శంకర్ చెప్పింది అక్షరాలా నిజం. ఎవరి మీదా నింద లేకుండా తేల్చే దారి ఒకటుంది. ప్లానర్ తమ్ముడూ, ఆ నాలుగు డిపోలకి MP38 ఇచ్చిన నంబర్, అంటే సేల్స్ చెయ్యి పెట్టకముందుది ఉందా? దాన్ని తీయి. దాని పక్కన పోయిన ఏడాది నవంబర్ అమ్మకాన్ని ఉన్నదున్నట్టు ఫోర్‌కాస్ట్ అనుకుని పెట్టు. మూడింటికీ తప్పెంతో కట్టు. పోయిన ఏడాది నంబర్‌కి ఖర్చు లేదు, మీటింగ్ లేదు. దానికంటే మిషన్ బాగుండాలి, మిషన్ కంటే మీటింగ్ బాగుండాలి. లేకపోతే ఆ మెట్టు ఎందుకున్నట్టు?

ప్లానర్_బెజవాడ
రాత్రి కూర్చుని కట్టా. మిషన్ ఇచ్చింది బెజవాడ 1000, వైజాగ్ 800, వరంగల్ 550, కర్నూలు 450. తప్పు మొత్తం 450 కేసులు, 16 శాతం. పోయిన ఏడాది నవంబర్ నంబర్లు పెడితే 610 కేసులు, 22 శాతం. సేల్స్ దిద్దాక 750, 27 శాతం.

అంటే రెండు గంటల మీటింగ్ పెట్టి, పోయిన ఏడాది కాగితం చూసి రాసినదానికంటే ఘోరంగా చేశాం. ఇది డైరెక్టర్‌కి పంపమంటారా 😅

గోదారోడు
పంపండి పంపండి, మీ ఉద్యోగం నోటిఫికేషన్ మాకు పంపండి

పాతకాపు
అలా పంపకు, ఒక నెల నంబర్‌తో ఎవరినీ ఉరి తియ్యకూడదు. కనీసం ఆరు నెలలు కట్టు. పైగా డిపోల వారీగా చూడు, కర్నూలులో మిషన్ 450 అంటే సేల్స్ 400కి తగ్గించారు, యాక్చువల్ 300. అక్కడ సేల్సే మెరుగు. ఎందుకు తగ్గించారు?

ప్లానర్_బెజవాడ
నంద్యాల డిస్ట్రిబ్యూటర్ మానేశాడు, ఇంకొకణ్ణి పెట్టలేదు. ఆ విషయం మిషన్‌కి తెలియదు కదా.

పాతకాపు
అదీ సేల్స్ వాళ్లని అడగాల్సింది. బెజవాడ 1000ని 1200 ఎందుకు చేశారని అడిగితే?

ప్లానర్_బెజవాడ
"కార్తీక మాసం కదా, దీపాలకి నెయ్యి లాగుద్ది" అన్నారు. అది నాకూ నిజమే అనిపించింది, చిన్న పౌచ్ ఎక్కువ పోయేదే గుళ్ల దగ్గర.

అమ్మమ్మ_క్యాలెండర్
ఆగండాగండి. కార్తీకం ఈ ఏడు అక్టోబర్ 22న మొదలై నవంబర్ 20కి అయిపోయింది. పోయినేడు 2024లో నవంబర్ 2 నుంచి డిసెంబర్ 1 దాకా. పోయినేడు నవంబర్ మొత్తం కార్తీకమే, ఈ ఏడు మూడింట రెండొంతులే. పైగా డిస్ట్రిబ్యూటర్ సరుకు ముందే ఎత్తుకుంటాడు కాబట్టి ఈసారి కార్తీకం సరుకు మీ గోడౌన్ దాటింది అక్టోబర్‌లోనే. నవంబర్‌కి ఇంకా పెంచడమేంటి? నేను అగరబత్తీల కంపెనీలో ప్లానింగ్ చూస్తా, మాకు పంచాంగమే మాస్టర్ డేటా.

పాతకాపు
ఈ థ్రెడ్‌లో బెస్ట్ పోస్ట్ ఇదే. బెజవాడలో మిషన్ కూడా 100 ఎక్కువ వేసింది, దానికీ కారణం ఇదే. సీజనల్ మోడల్‌కి తెలిసింది నవంబర్ అంటే ఫలానా గుణకం అని, అంతే. సంక్రాంతి జనవరి 14, 15 దాటి కదలదు కాబట్టి బెల్లం, నువ్వుల లాంటివాటికి ఆ గుణకం చక్కగా పనిచేస్తుంది. దీపావళి చూడండి, 2023లో నవంబర్ 12, 2024లో అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20. గులాబ్‌జామ్ మిక్స్ మూడు నాలుగు వారాల ముందు డిస్పాచ్ అవుతుంది అనుకుంటే, ఒక ఏడాది సరుకు అక్టోబర్‌లో పోయింది, ఈ ఏడాది చాలావరకు సెప్టెంబర్‌లోనే పోవాలి. మోడల్ ఈ మూడేళ్లని కలిపి యావరేజ్ చేసి అన్ని నెలలకీ తలా కాస్త పంచుతుంది, ఏ నెలకీ సరిపోదు.

న్యూజెర్సీ_నాని
ఇవన్నీ ఎందుకు అన్నా, డేటా బయటకి తీసి మెషీన్ లెర్నింగ్ మోడల్‌కి పండగ తేదీలు ఫీచర్‌గా ఇచ్చేయండి, అదే నేర్చుకుంటుంది. మా క్లయింట్ దగ్గర అదే చేశాం.

పాతకాపు
మీ క్లయింట్ దగ్గర ఎన్నేళ్ల డేటా, వారం వారీదా? వీళ్ల దగ్గర మూడు దీపావళులే ఉన్నాయి. మూడు ఉదాహరణలతో ఏ మోడల్ అయినా నేర్చుకునేది తక్కువ, ఊహించేది ఎక్కువ.

న్యూజెర్సీ_నాని
అన్ని ప్రాడక్టులూ డిపోలూ కలిపి ట్రెయిన్ చేస్తే మూడు కాదు వందల ఉదాహరణలు అవుతాయి. అక్కడ మీతో ఒప్పుకోను.

పాతకాపు
ఆ మాట కొంత నిజం. కానీ 2025 దీపావళి దెబ్బతింటే అన్ని ప్రాడక్టులకీ ఒకేసారి దెబ్బ తింటుంది, అవి వంద వేరు వేరు సాక్ష్యాలు కాదు. సరే, ఎవరికి వీలైంది వాళ్లు.

చేత్తో చేసే పద్ధతి చెప్తా. పండగ సరుకుని హిస్టరీలోంచి విడదీయి. దీపావళికి ముందు ఆరు వారాలు, వారం వారం డిస్పాచ్ తీసి, మామూలు వారం కంటే ఎంత ఎక్కువుందో చూడు. ఆ ఎక్కువ భాగాన్ని పక్కన పెట్టి మిగిలిన మామూలు అమ్మకం మీద మాత్రం MP38 నడుపు. తర్వాత ఆ ఎక్కువ భాగాన్ని ఈ ఏటి పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి ఆయా వారాల్లో కలుపు. కార్తీకానికీ అంతే.

ప్లానర్_బెజవాడ
బాగుంది కానీ ఈ ఏడు సెప్టెంబర్, అక్టోబర్ డేటా చూస్తే పిచ్చెక్కుతోంది. బెజవాడ సెప్టెంబర్ 420, అక్టోబర్ 1680. మామూలుగా సెప్టెంబర్ 850 దాకా ఉండేది.

ఎక్సెల్_రాణి
జీఎస్టీ! సెప్టెంబర్ 3న రేట్లు తగ్గిస్తామని ప్రకటించారు, 22 నుంచి అమలు. నెయ్యి 12 నుంచి 5కి వచ్చింది. ఆ మధ్యలో ఏ డిస్ట్రిబ్యూటర్ కొంటాడు, పాత రేటు సరుకు దులుపుకునే పనిలో ఉన్నారు అందరూ. 22 తర్వాత ఎగబడ్డారు.

సేల్స్_శంకర్
ఆ మూడు వారాలు నేను బీట్‌కి పోతే దుకాణపోళ్లు ముఖం కూడా చూడలే

పాతకాపు
రాణి గారు పట్టేశారు. దాన్ని అలాగే వదిలేస్తే వచ్చే సెప్టెంబర్‌కి మోడల్ "సెప్టెంబర్‌లో అమ్మకాలు పడిపోతాయి" అంటుంది. మెటీరియల్ మాస్టర్‌లో కన్సంప్షన్ వాల్యూస్‌లోకి వెళ్తే అసలు నంబర్ పక్కన కరెక్టెడ్ వాల్యూ అని ఇంకో కాలమ్ ఉంటుంది, ఫోర్‌కాస్ట్ దాన్నే తీసుకుంటుంది, అసలు నంబర్ చెక్కుచెదరదు. రెండు నెలలూ కలిపి 2100 కదా, ఆ 2100 మారకుండా అక్టోబర్ నుంచి 400 వెనక్కి జరిపితే సెప్టెంబర్ 820, అక్టోబర్ 1280 అవుతుంది. 400 అన్నది నా అంచనా మాత్రమే, ఎందుకంటే అక్టోబర్‌లో దీపావళీ ఉంది, కార్తీకమూ ఉంది. దుకాణాలకి వెళ్లిన సెకండరీ సేల్స్ చూస్తే అసలు ఎంత జరపాలో తెలుస్తుంది.

వైజాగ్ నవంబర్ కూడా చూడు. 950 అన్నది డిస్పాచ్, డిమాండ్ కాదు. సరుకు లేని రోజుల్లో ఎంత అడిగారో అందులో ఉండదు, గూడ్స్ ఇష్యూ అయినదే కన్సంప్షన్‌లో పడుతుంది. తీరని ఆర్డర్లు సిస్టమ్‌లో ఉంటే వాటినీ చూసి అక్కడా దిద్దు.

టాలీ_బాబాయ్
సెకండరీ సేల్స్ అంటే మా బిల్లులు మీకు కావాలా? మేమెందుకిస్తాం?

గోదారోడు
బాబాయ్ స్కీమ్ ఇస్తే ఇస్తావా?

టాలీ_బాబాయ్
ఎంత శాతం?

ప్లానర్_బెజవాడ
😂 మరి మోడల్ J సంగతి? ఉంచాలా తియ్యాలా?

ఎక్సెల్_రాణి
ఉంచు, అదే బెస్ట్ మోడల్ వెతుక్కుంటది, మనకంటే దానికే బాగా తెలుసు.

పాతకాపు
వెతుక్కుంటుంది, కానీ మురికి హిస్టరీలో వెతుక్కుంటుంది. ఆ సెప్టెంబర్ గుంట చూసి ఒక నెల ట్రెండ్ అంటుంది, ఇంకో నెల సీజన్ అంటుంది, నంబర్ ఊగుతూ ఉంటుంది, సేల్స్ వాళ్లకి నమ్మకం పోతుంది. హిస్టరీ శుభ్రం చేశాక ఒకసారి J తో నడిపి ఏం ఎంచుకుందో చూడు, అది నీకు అర్థమయ్యేలా ఉంటే ఆ మోడల్ ఫిక్స్ చేసెయ్, ఏడాదికి రెండుసార్లు మళ్లీ చూడు. పండగ భాగం విడిగా తీసేశాక పౌచ్‌కి ట్రెండ్, సీజన్ లేని కాన్‌స్టంట్ మోడల్, కొత్త నెలకి ఇచ్చే బరువు ఆల్ఫా 0.2 చాలనుకుంటా. రెండేళ్ల హిస్టరీ లేని సరుకుకి సీజనల్ పెట్టకు. పది కేసుల పచ్చళ్లు, మధ్యలో సున్నా నెలలు ఉన్నవాటికి ఇవేవీ కుదరవు, ఆగి ఆగి అమ్ముడయ్యే సరుకు కోసం ఉన్న క్రాస్టన్ పద్ధతి లాంటిది కావాలి, లేదా బాబాయ్ రీఆర్డర్ లెవెలే మేలు.

టాలీ_బాబాయ్
చూశారా

సేల్స్_శంకర్
మెథడ్ ముచ్చట సరే, మీటింగ్ ముచ్చట చెప్పుండ్రి. మాతోని అన్ని లైన్లు చదివిస్తరు, మూడొందల లైన్లు, ఎవనికి ఓపిక ఉంటది.

పాతకాపు
మూడొందలు చదివించకూడదు. కేసుల్లో పెద్ద తప్పు వచ్చిన పది లైన్లే మీటింగ్‌లోకి రావాలి. మిషన్ నంబర్ మార్చాలంటే కారణం రాయాలి, డిస్ట్రిబ్యూటర్ మారాడు, స్కీమ్ ఉంది, టెండర్ వచ్చింది, ఇలాంటివి. "మార్కెట్ బాగుంది" కారణం కాదు. పది శాతం లోపు దిద్దుబాటు అసలు ఒప్పుకోకు. నాలుగు బ్రిటన్ కంపెనీల్లో 60 వేలకి పైగా ఫోర్‌కాస్ట్‌లు చూసి 2009లో వేసిన స్టడీలో కూడా ఇలాగే తేలింది, చిన్న దిద్దుబాట్ల వల్ల లాభం పెద్దగా లేదు, పెంచినవాటికంటే తగ్గించినవే ఎక్కువ మేలు చేశాయి. మన కర్నూలు, బెజవాడ అచ్చం అదే.

బెజవాడ గత ఆరు నెలలు ఎటు తప్పిందో చూశావా?

ప్లానర్_బెజవాడ
ఆరు నెలలూ ఎక్కువే వేశారు. 150, 200, 100, 250, 180, 300.

పాతకాపు
కూడితే 1180, సగటు తప్పు 197, భాగిస్తే 6. ఎస్ఏపీ ట్రాకింగ్ లిమిట్ మామూలుగా 4 ఉంటుంది, అది దాటితే మోడల్ చూసుకోమని హెచ్చరిస్తుంది. కానీ అది MP38 నంబర్‌నే చూస్తుంది, సేల్స్ దిద్దిన నంబర్‌ని చూడదు, అందుకే నీకు ఏ మెసేజూ రాలేదు. ఈ ఒక్క లెక్క ఎక్సెల్‌లో నువ్వే కట్టుకోవాలి. ఒకసారి 300 తప్పడం వేరు, ఆరుసార్లు ఒకే వైపు తప్పడం వేరు, రెండోది అలవాటు.

సేల్స్_శంకర్
అలవాటు కాదన్నా, టార్గెట్. టార్గెట్ షీట్, ఫోర్‌కాస్ట్ షీట్ వేరు చెయ్యనంత కాలం ఈ 6 తగ్గదు, రాసిపెట్టుకో.

ఎక్సెల్_రాణి
సేల్స్ ఇన్సెంటివ్‌లో కొంత అక్యురసీకి కట్టేస్తే?

సేల్స్_శంకర్
అప్పుడు ఫోర్‌కాస్ట్ దాకా అమ్మి ఆపేస్తం. 700 రాసి 700 కొట్టినంక 701వ కేసు వచ్చే నెలకి దాస్తం. వద్దు తల్లీ.

పాతకాపు
దీనికి నా దగ్గరా సమాధానం లేదు. నేను చూసిన చోట్ల అక్యురసీకి కడితే శంకర్ చెప్పిందే జరిగింది, కట్టకపోతే ప్లానర్ చెప్పింది జరుగుతోంది. ఒకే వైపు తప్పుతున్నారా లేదా అన్నది మాత్రం చూపించి, డబ్బు జోలికి పోకుండా ఉంటే కొంత నయం.

ప్లానర్_బెజవాడ
సరే, జనవరి 5 మీటింగ్‌కి మిషన్ నంబర్, పోయిన ఏడాది నంబర్, సేల్స్ నంబర్ మూడూ పక్కపక్కన పెట్టి పది లైన్లే చూపిస్తా. ఫ్రీజ్ కాపీ ఈ రోజే తీశా. టార్గెట్ షీట్ వేరు చెయ్యమని అడిగితే సేల్స్ హెడ్ "చూద్దాం" అన్నాడు.

అమ్మమ్మ_క్యాలెండర్
వచ్చే ఏడు ఫోర్‌కాస్ట్ వేసేముందు ఇంకోటి చూసుకోండి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ నెల పెళ్లిళ్లుండవు, క్యాటరింగ్ వాళ్లు నెయ్యి కొనరు. తర్వాతి పండగలన్నీ ఆలస్యంగా వస్తాయి, దీపావళి నవంబర్ 8, కార్తీకం డిసెంబర్ 8 దాకా. ఈ ఏటి నవంబర్ 900 చూసి వచ్చే నవంబర్ వేశారో, బెజవాడలో కూడా సరుకు ఉండదు.

ప్లానర్_బెజవాడ
పెళ్లిళ్ల సరుకు 15 కిలోల టిన్నులు, అది ఇంకో ప్లాంట్, ఇంకో ప్లానర్. ఆయనకి ఈ లింక్ పంపిస్తున్నా.